రీల్స్ కాలంలో తెలుగు చదవడం: కొన్ని లెక్కలు, ఒక అభిప్రాయం

"ఇప్పటి పిల్లలు పుస్తకం పట్టుకోరు, ఎప్పుడు చూసినా రీల్సే" అనే మాట మన ఇళ్లలో, క్లాసుల్లో, పెళ్లి పందిళ్లలో కూడా వినిపిస్తుంది. ఇందులో నిజం లేదని నేను అనను. కానీ ఇది సగం వివరణే. మిగతా సగం చూడకపోతే మనం తప్పు రోగానికి మందు వేసుకుంటాం. టీనేజర్లు చదవడం ఎంత తగ్గింది, ఎప్పటి నుంచి తగ్గింది, అందులో షార్ట్ వీడియోల వాటా ఎంత, ఇంగ్లీష్ మీడియంలో చదివిన తెలుగు వాళ్లకు ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది ఏమిటి? ఈ నాలుగు ప్రశ్నలకు నాకు దొరికిన ఆధారాలు, నా అభిప్రాయం ఈ వ్యాసంలో రాస్తున్నాను.

ముందు ఒక అబద్ధాన్ని పక్కన పెడదాం

మనిషి ఏకాగ్రత ఎనిమిది సెకన్లకు పడిపోయిందని, గోల్డ్‌ఫిష్‌ది తొమ్మిది సెకన్లని చెప్పే ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. ఈ లెక్క 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా విడుదల చేసిన ఒక రిపోర్టుతో ప్రపంచమంతా పాకింది. నిజానికి ఆ అంకె మైక్రోసాఫ్ట్ పరిశోధనలో తేలింది కాదు, వాళ్లు స్టాటిస్టిక్ బ్రెయిన్ అనే వెబ్‌సైట్ నుంచి తీసుకున్నారు. 2017లో బీబీసీ విలేకరి సైమన్ మేబిన్ దాని మూలం కోసం వెతికారు. ఆ వెబ్‌సైట్ పేర్కొన్న సంస్థలను అడిగితే, అలాంటి పరిశోధన తమ దగ్గర లేదన్నారు. పాపం గోల్డ్‌ఫిష్ జ్ఞాపకశక్తి కూడా బాగానే ఉంటుందట. అందుకే శాస్త్రవేత్తలు దాన్ని జ్ఞాపకశక్తి ప్రయోగాల్లో వాడుతుంటారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, "ఏకాగ్రత పోయింది" అని ఒప్పేసుకుంటే ఇక చేయడానికి ఏమీ మిగలదు. మూడు గంటల క్రికెట్ మ్యాచ్ చూసేది మనమే. ఒక బగ్ కోసం తెల్లవారుజాము రెండింటి దాకా కూర్చునేదీ మనమే. ఏకాగ్రత ఉంది. అది పుస్తకం మీద ఎందుకు నిలవడం లేదన్నదే అసలు ప్రశ్న.

తగ్గుదల ఎప్పుడు మొదలైంది?

చాలా ఏళ్లుగా ఒకే ప్రశ్నను అడుగుతూ వచ్చిన సర్వేలు అమెరికాలో ఉన్నాయి కాబట్టి ముందు అక్కడి లెక్క చూద్దాం. పన్నెండో తరగతి విద్యార్థుల మీద ఏటా జరిగే ఒక సర్వేను జీన్ ట్వెంగీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు విశ్లేషించారు. 1970ల చివర్లో దాదాపు ప్రతిరోజూ పుస్తకమో పత్రికో చదివే వాళ్లు నూటికి 60 మంది ఉండేవారు. 2016 నాటికి 16 మంది మిగిలారు.

ఆ సంవత్సరాన్ని ఒకసారి గమనించండి. టిక్‌టాక్ చైనా బయటకు వచ్చింది 2017లో. మన దేశంలో దాన్ని నిషేధించింది 2020 జూన్ 29న. ఆ వెంటనే జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. అంటే 60 నుంచి 16కి పడిపోవడం మొత్తం రీల్స్ పుట్టకముందే జరిగింది. టీవీ, వీడియో గేములు, ఇంటర్నెట్, ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్, ఇలా ఒకదాని తర్వాత ఒకటి ఆ సమయాన్ని తినేస్తూ వచ్చాయి.

అయితే రీల్స్‌కి ఏ సంబంధమూ లేదని తేల్చేయడం కూడా తొందరపాటే. అమెరికా ప్రభుత్వ సర్వేలో పదమూడేళ్ల పిల్లలను "సరదాగా, మీ అంతట మీరు దాదాపు ప్రతిరోజూ చదువుతారా" అని అడిగారు. 2012లో నూటికి 27 మంది అవునన్నారు. 2020 నాటికి 17, 2023లో 14. పడిపోతున్న వాళ్లు ఇంకా పడిపోతున్నారన్నమాట. ఇవి పిల్లలు తమ గురించి తాము చెప్పుకున్న జవాబులు. కారణం ఏమిటో ఇవి చెప్పవు, దిశ మాత్రమే చూపిస్తాయి.

షార్ట్ వీడియో ప్రత్యేకంగా చేసే పని

షార్ట్ వీడియో పుస్తకం నుంచి సమయం మాత్రమే లాక్కుంటుందా, ఇంకేమైనా చేస్తుందా? దీని గురించి నాకు నచ్చిన ప్రయోగం మన బ్రాంచ్ వాళ్లు చేసిందే. జర్మనీలోని మ్యూనిక్ పరిశోధకులు కొందరు 2023లో సీహెచ్ఐ సదస్సులో ఒక పేపర్ ప్రచురించారు. మనుషులు కంప్యూటర్లను ఎలా వాడతారో చదివే వాళ్లకు అది పెద్ద సదస్సు.

ప్రయోగంలో 60 మంది పాల్గొన్నారు. తెర మీద కనిపించే అక్షరాలు నిజమైన పదమా, ఉత్తుత్తి పదమా అని నొక్కుతూ పోవడం వాళ్ల పని. దాంతోపాటు ముందే చెప్పిన ఒక గుర్తు కనిపించినప్పుడు వేరే పని చేయాలని గుర్తుపెట్టుకోవాలి. మధ్యలో విరామం ఇచ్చారు. ఆ విరామంలో ఒక గుంపు ఊరికే కూర్చుంది, ఒక గుంపు ట్విట్టర్ చూసింది, ఒక గుంపు యూట్యూబ్ వీడియో చూసింది, ఒక గుంపు టిక్‌టాక్ చూసింది. తిరిగి వచ్చాక "ఆ గుర్తు కనిపిస్తే ఇది చేయాలి" అనే సంకల్పం టిక్‌టాక్ గుంపులో మాత్రమే బాగా దెబ్బతింది.

నా దృష్టిలో ఇక్కడ ముఖ్యమైంది యూట్యూబ్‌కీ టిక్‌టాక్‌కీ మధ్య ఉన్న తేడా. రెండూ వీడియోలే. కానీ షార్ట్ వీడియోలో కొన్ని సెకన్లకోసారి సందర్భం మొత్తం మారిపోతుంది. వంట, వెంటనే కామెడీ, వెంటనే ఎవరిదో ఏడుపు. ఇన్నిసార్లు మారాక, విరామానికి ముందు ఏం చేద్దామనుకున్నామో అది జారిపోతుంది.

ఇది పుస్తకం అర్థం కావడం గురించి చేసిన ప్రయోగం కాదు. అరవై మందితో, ఒక్క పూట జరిగింది. కాబట్టి దాని మీద మరీ పెద్ద మేడ కట్టకూడదు. కానీ హాస్టల్లో మనం రోజూ చూసే ఒక విషయానికి ఇది బాగా అతుకుతుంది. పది పేజీలు చదివి "ఐదు నిమిషాలు బ్రేక్" అని ఫోన్ తీసిన మనిషికి పుస్తకం మీద విసుగేమీ ఉండదు. తిరిగి రావాలన్న సంగతే గుర్తుండదు. అందుకే బ్రేక్ తీసుకోవద్దని నేను చెప్పను. బ్రేక్‌లో కారిడార్‌లో నాలుగడుగులు వేయండి, లేదా టీ తాగండి. రీల్స్ చూడాలంటే చదవడం పూర్తయ్యాక చూడండి.

చదివే వాళ్లకే చదవడం తేలిక

ఇక్కడి నుంచి అసలు విషయానికి వస్తాను. 1988లో రిచర్డ్ ఆండర్సన్, ఆయన సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. అయిదో తరగతి పిల్లలు 155 మంది, బడి బయట తమ సమయం ఎలా గడిచిందో రోజూ రాసిపెట్టారు. సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడు పుస్తకాల మీద రోజుకు 4.6 నిమిషాలు పెట్టాడు. ఆ లెక్కన ఏడాదికి సుమారు 2,82,000 పదాలు చదివినట్టు. నూటికి తొంభై మంది కంటే ఎక్కువ చదివే పిల్లవాడు రోజుకు 21.1 నిమిషాలు పెట్టాడు. ఏడాదికి 18,23,000 పదాలు.

ఈ నాలుగు అంకెలతో చిన్న భాగహారం చేద్దాం. సమయం 4.6 రెట్లు పెరిగింది. పదాలు మాత్రం దాదాపు 6.5 రెట్లు పెరిగాయి. రెండూ ఒకే నిష్పత్తిలో ఎందుకు పెరగలేదు? మొదటి పిల్లవాడి ఏడాది పదాలను అతని ఏడాది నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 168 పదాలు వస్తాయి. రెండో పిల్లవాడికి 237. అంటే ఎక్కువ చదివే వాడు ఎక్కువ వేగంగా కూడా చదువుతున్నాడు. వేగంగా చదివే వాడికి అదే ఇరవై నిమిషాల్లో కథ ఎక్కువ ముందుకు కదులుతుంది, మజా ఎక్కువ వస్తుంది, రేపు మళ్లీ పుస్తకం తీస్తాడు. నెమ్మదిగా చదివే వాడికి కథ కదలదు, కాబట్టి తీయడు. మన భాషలో చెప్పాలంటే ఇది ఫీడ్‌బ్యాక్ లూప్. ఎటు తిరిగితే అటే తిరుగుతూ పోతుంది.

మన లూప్ ఎటు తిరుగుతోంది?

గ్రామీణ భారతంలో 14 నుంచి 18 ఏళ్ల వాళ్ల మీద అసర్ 2023 సర్వే జరిగింది. నూటికి సుమారు పాతిక మంది, తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని తడబడకుండా చదవలేకపోయారు. స్మార్ట్‌ఫోన్ వాడటం మాత్రం ఆ సర్వేలో నూటికి తొంభై మంది దాకా వచ్చన్నారు. వాళ్లకు బడిలోనే అన్యాయం జరిగింది.

ఇంగ్లీష్ మీడియంలో చదివి ఇంజినీరింగ్‌కి వచ్చిన నాలాంటి వాళ్ల కథ వేరు. మనకు చదవడం వచ్చు. తెలుగు మాట్లాడటం వచ్చు. తెలుగు చదవడం కూడా "వచ్చు". పదో తరగతి దాకా ఒక సబ్జెక్టుగా చదివాం, మార్కులు కూడా వచ్చాయి. ఆ తర్వాత తెలుగు అక్షరం మన కంటికి దాదాపు కనబడటం మానేసింది. బస్ బోర్డు, సినిమా టైటిల్, అంతే. వాట్సాప్‌లో రోజంతా తెలుగులోనే మాట్లాడుకుంటాం, కానీ ఇంగ్లీష్ అక్షరాల్లో. అంటే చెవికి, నోటికి తెలుగు ప్రాక్టీస్ ఉంది. కంటికి లేదు.

పైగా మన లిపి కంటికి కొంచెం ఎక్కువ పని పెడుతుంది. ఒక హల్లుకు గుణింతం, ఒత్తు కలిసినప్పుడల్లా కొత్త ఆకారం వస్తుంది. పైథాన్ తెరిచి ఇది కొట్టి చూడండి:

```
>>> len("స్త్రీ")
6
```

కంటికి ఒక్క అక్షరం, లోపల ఆరు ముక్కలు. అలవాటున్న వాళ్లు ఆ ఆరింటినీ ఒకే బొమ్మగా గుర్తుపడతారు. అలవాటు లేని వాళ్లు విడదీసి, మళ్లీ కలుపుకోవాలి. అలాంటివి లైనుకు మూడు వస్తే చాలు, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతాం.

నా మీద నేనే చేసుకున్న టెస్ట్

ఇదంతా నా ఊహా, నిజమా అని తేల్చుకోవడానికి స్టాప్‌వాచ్ పెట్టుకున్నాను. తెలుగులో నిమిషానికి ఎన్ని పదాలు, ఇంగ్లీష్‌లో ఎన్ని అని పోలిస్తే తప్పుడు లెక్క వస్తుంది. ఎందుకంటే ఇంగ్లీష్‌లో మూడు నాలుగు పదాలయ్యేది తెలుగులో "వెళ్లలేకపోయాను" అనే ఒక్క పదంలో ఇమిడిపోతుంది. కాబట్టి రెండు భాషల్లోనూ ఉన్న ఒకే పుస్తకం కావాలి. గాంధీజీ ఆత్మకథ తీసుకున్నాను. అధ్యాయాలు చిన్నవి, రెండు భాషల్లోనూ తక్కువ ధరకు దొరుకుతుంది.

నాలుగు అధ్యాయాలు ఎంచుకున్నాను. రెండింటిని ముందు ఇంగ్లీష్‌లో, తర్వాత తెలుగులో చదివాను. మిగతా రెండింటిని ముందు తెలుగులో చదివాను. ఒకసారి చదివింది రెండోసారి తేలికవుతుంది కదా, ఆ లాభం రెండు భాషలకూ సమానంగా అందాలని ఇలా చేశాను. కళ్లు ఊరికే పరుగెత్తకుండా ప్రతి అధ్యాయం అయ్యాక మూడు వాక్యాల్లో సారాంశం రాశాను. తెలుగులో ఎక్కడ ఆగినా అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టాను.

నాలుగు అధ్యాయాలకు ఇంగ్లీష్‌లో మొత్తం 21 నిమిషాలు పట్టింది. తెలుగులో 43. రెట్టింపు.

అంకె కంటే చుక్కలు నాకు ఎక్కువ నేర్పాయి. తెలియని మాటల దగ్గర ఆగి ఉంటానని అనుకున్నాను. కానీ వెనక్కి వెళ్లి చూస్తే చాలా చుక్కలు "ప్రాయశ్చిత్తం", "నిశ్చయించుకున్నాను" లాంటి మాటల మీద ఉన్నాయి. ఈ మాటలు నాకు తెలుసు. అమ్మమ్మ నోట వంద సార్లు విన్నవే. కాగితం మీద చూసి గుర్తుపట్టలేదు, పైకి చదివితే వెంటనే అర్థమయ్యాయి. కాబట్టి నాకు కొరవడింది పదసంపద కాదు, చూపు అలవాటు. ఈ తేడా చాలా ముఖ్యం. పదాలు రాకపోతే డిక్షనరీ కావాలి. చూపు అలవాటు లేకపోతే కావాల్సింది పేజీలు.

ఆ తర్వాత మూడు వారాలు రోజుకు పావుగంట అదే పుస్తకం తెలుగులో చదివాను. మొదటి వారం ఎక్కడ ఆగితే అక్కడ గొణుగుతూ పైకి చదివాను. తర్వాత కొత్త నాలుగు అధ్యాయాలతో అదే టెస్ట్ మళ్లీ పెట్టుకుంటే ఇంగ్లీష్‌కి 20 నిమిషాలు, తెలుగుకి 33 పట్టింది. ఇందులో కొంత భాగం ఆ అనువాదం శైలికి అలవాటు పడటమే అయ్యుండాలి. ఎందుకంటే పేపర్లో సంపాదకీయం చదివినప్పుడు మెరుగుదల ఇంత కనిపించలేదు. అక్కడ వాక్యాలు పొడుగు, మాటలు వేరు. ఒక్క మనిషి లెక్క ఇది, దీన్ని అందరికీ అంటగట్టను. మీరూ చేసుకోండి, రెండు సాయంత్రాల పని.

రెండూ కలిపి చూస్తే

షార్ట్ వీడియోలు పుస్తకాలకు ఎప్పుడూ శత్రువులే అనుకోనక్కర్లేదు. కొలీన్ హూవర్ నవల "ఇట్ ఎండ్స్ విత్ అస్" 2016లో వచ్చింది. కొన్నేళ్ల తర్వాత టిక్‌టాక్‌లో పాఠకులు దాని గురించి వీడియోలు పెట్టడంతో మళ్లీ బెస్ట్‌సెల్లర్ జాబితాల పైకెక్కింది. మన క్యాంపస్‌లో కూడా ఆ పుస్తకం చేతులు మారడం మీరు చూసే ఉంటారు. ముప్పై సెకన్ల వీడియో మూడు వందల పేజీలకు పైగా చదివించగలిగింది.

ఎందుకు చదివించగలిగింది? వీడియో ఆశ పుట్టించింది, ఆ ఆశ చల్లారేలోపే పాఠకురాలు ఇరవయ్యో పేజీకి చేరింది. ఇంగ్లీష్‌లో మనకది పావుగంట, ఇరవై నిమిషాల పని. అలాంటి వీడియోనే ఒక తెలుగు నవల మీద వచ్చిందనుకోండి. ఆశ అంతే పుడుతుంది. కానీ ఇరవయ్యో పేజీ నలభై నిమిషాల దూరంలో ఉంటుంది. ఏడో పేజీ దగ్గర ఆశ అయిపోతుంది. పక్కనే ఫోన్ ఉంటుంది, దాన్ని వాడటానికి ఏ శ్రమా అక్కర్లేదు, తర్వాతి వీడియో దానంతట అదే వస్తుంది. తిరిగి పుస్తకానికి రావాలన్న సంకల్పాన్ని ఆ వీడియోలే చెరిపేస్తాయి. నెమ్మదితనం మనల్ని పుస్తకం బయటికి నెడుతుంది, రీల్స్ తలుపు గడియ పెడతాయి. నెట్టింది ఎవరో చూడకుండా గడియ పెట్టిన వాళ్లనే తిడుతున్నాం.

అందుకే నా అభిప్రాయం ఇది. ఫోన్ తీసేసుకుంటే తెలుగు చదవడం రాదు, ఖాళీ సమయం వస్తుంది అంతే. రెట్టింపు సమయాన్ని ఒకటిన్నర రెట్లకు, అక్కడి నుంచి ఇంకా కిందికి దించాలి. దానికి ముందు పెద్ద నవలలు వద్దు. మొదటి నెలలో వాటితో మొదలుపెడితే లూప్ తప్పు దిక్కున తిరుగుతుంది. ఒకే రచయితవి, మూడు నాలుగు పేజీల కథలు వరసగా చదవాలి. ఒకే రచయిత అయితే అవే మాటలు, అవే వాక్యాల తీరు మళ్లీ మళ్లీ వచ్చి కంటికి అతుక్కుంటాయి. కన్ను తడబడ్డ చోట పైకి చదవాలి, ఎందుకంటే చెవికి ఆ మాట ముందే తెలుసు. రెండు వారాలకోసారి స్టాప్‌వాచ్ పెట్టుకోవాలి, అదీ అలవాటైన పుస్తకం మీద కాదు, కొత్తదాని మీద. నిమిషాలు తగ్గుతుంటే దారి సరైందే. చుక్కలు తగ్గకుండా నిమిషాలు మాత్రమే తగ్గుతుంటే మనం చదవడం లేదు, దాటేస్తున్నాం.

మన క్లబ్ కూడా రెండు పనులు చేయొచ్చు. ఈ పత్రికలో వచ్చే ప్రతి కథకూ రాసిన వాళ్ల గొంతుతో ఆడియో పెడదాం. వింటూ, అక్షరాల వెంట కన్ను నడిపిస్తే చెవికి తెలిసిన మాట కంటికీ తెలుస్తుంది. రెండోది, నెలవారీ మీటింగ్‌లో పుస్తక పరిచయాలతో పాటు ఇరవై నిమిషాలు అందరం మౌనంగా ఒకే కథ చదువుదాం, ఫోన్లు బ్యాగుల్లో పెట్టి. ఎవరు ఎక్కడ ఆగారో చుక్కలు పెట్టుకుని చివర్లో పోల్చుకుందాం. అందరి చుక్కలూ ఒకే మాటల మీద పడితే, వచ్చే సంచికలో ఆ మాటలతోనే ఒక పేజీ వేద్దాం.

తెలుగులో నవలలు, కథలు మన ముందు తరాలు చాలా రాసి పెట్టాయి. వాటిని చదివి నచ్చలేదని పక్కన పెడితే అది మన అభిరుచి. నెమ్మదిగా చదువుతాం కాబట్టి అసలు తెరవకుండానే వదిలేస్తే, ఆ నిర్ణయం మనం తీసుకున్నట్టే కాదు.